క్రూసేడ్లూ, మా నాన్న దోసెల హోటలూ

ఆ ఏడు డిబేట్ పోటీలకు అంశం ఒక్కటే: జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధాలను, అంటే క్రూసేడ్లను, ప్రధానంగా నడిపించింది డబ్బూ రాజకీయమూ. కాలేజీ రౌండు నుంచి కోల్‌కతా ఫైనల్ దాకా అదే. ఎవరు ఏ వైపు మాట్లాడాలో మాత్రం ప్రతి రౌండుకీ చీటీ తీసి తేలుస్తారు. మా కాలేజీ రౌండులో నాకు ‘అవును’ వచ్చింది. గెలిచినవాళ్ళు ఒక్కరే కోల్‌కతా వెళ్తారు. ఓడితే నోరు మూసుకుని రైల్వే పరీక్షల కోచింగ్‌లో చేరాలని అమ్మ షరతు. ఆ కోచింగ్ పుస్తకాల అట్టలు చూస్తేనే నాకు ఆవలింతలొచ్చేవి.

కోల్‌కతా దగ్గర, తెలుగువాళ్ళు చాలామంది ఉన్న మా రైల్వే ఊళ్ళో, ప్రేమ్ బజార్‌లో మాకు దోసెల హోటలుంది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక నాన్నను కూర్చోబెట్టి ప్రాక్టీసు చేసేదాన్ని.

“యుద్ధానికి పంపితే పోపుకేటి లాభమే?” అన్నాడు నాన్న.

చెప్పాను. బిషప్పులను ఎవరు నియమించాలని చర్చికి పెద్దలైన పోపులకూ జర్మన్ చక్రవర్తికీ ఎప్పటినుంచో గొడవ. తూర్పు చర్చి అప్పటికే విడిపోయింది. ఇంతలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి, తురుష్కుల మీదికి కొంచెం సైన్యం పంపమన్నాడు. పంపితే తూర్పున పోపు మాట చెల్లుతుంది, ఇంట్లో ఒకరినొకరు పొడుచుకుంటున్న దొరలు బయటికి పోతారు. గెలిచిన ఊళ్ళు ఆ తూర్పు చక్రవర్తికి అప్పగిస్తామని ఒట్టు పెట్టుకున్న దొరల్లో ఒకడు అంతియొక్ నగరాన్ని తనే ఉంచేసుకున్నాడు. ఓడలిచ్చిన ఇటలీ వర్తకులకు తీరపట్టణాల్లో వీధులూ పన్నుల మినహాయింపులూ దొరికాయి. నాలుగో క్రూసేడ్‌లో అయితే వెనిస్ వాళ్ళు ఓడలన్నీ కట్టాక, అనుకున్నంత మంది రాలేదు, వచ్చినవాళ్ళ దగ్గర కట్టడానికి డబ్బు చాలలేదు. బాకీకి గడువు కావాలంటే మాకు ఎదురుతిరిగిన జారా పట్టణాన్ని పట్టివ్వండన్నారు. అదీ క్రైస్తవుల ఊరే. అక్కడినుంచి వెళ్ళి చివరికి కాన్‌స్టాంటినోపుల్‌నే దోచారు.

“జెరూసలేం ఎల్లనేదా?”

“ఆ ఓడలు వెళ్ళలేదు.”

“యాపారం తెలిసినోల్లు!” అని నాన్న తొడ చరిచాడు. ఆ రోజంతా వచ్చిన ప్రతి స్టూడెంటుకీ దోసెతో పాటు వెనిస్ కథ కూడా వడ్డించాడు.

పోటీ రోజున ముందు వరసలో తెల్ల చొక్కాలతో నాన్నా, ఊళ్ళో అమ్మవారికి చేసే మాతా పూజ కమిటీ వాళ్ళూ. నాన్న ఆ కమిటీకి ప్రెసిడెంటు. నా ప్రసంగం బాగానే సాగింది. తర్వాత ‘కాదు’ వైపు నుంచి, హిజ్లీలో ప్రొఫెసర్ల క్వార్టర్స్‌లో ఉండే ప్రొఫెసర్‌గారి అబ్బాయి లేచి, పాలు తాగే పిల్లి లాంటి ముఖంతో నన్ను అడిగాడు. “దొరలు భూములు తాకట్టు పెట్టి మరీ వెళ్ళారు. జెరూసలేం దొరికాక చాలామంది ఉత్త చేతులతో ఇళ్ళకు తిరిగొచ్చారు. నష్టమొస్తుందని తెలిసి ఎవరైనా వ్యాపారానికి వెళ్తారా?”

హాలంతా చప్పట్లు. నిజంగా భయమేసింది. అప్పుడు ముందు వరసలో నాన్న కనిపించాడు.

“మా ఊళ్ళో మాతా పూజ ఊరేగింపు ఉంటుంది,” అన్నాను. “ఘటం మోసేవాళ్ళది అచ్చమైన భక్తి. కానీ ఊరేగింపు ఏ వీధిన వెళ్ళాలో వాళ్ళు తేల్చరు, కమిటీ తేలుస్తుంది. పోయినేడు అది పాత దారి వదిలి ప్రేమ్ బజార్ వైపు తిరిగింది. మండుటెండలో సరిగ్గా ఒక దోసెల హోటలు ముందు ఆగింది. అక్కడ చల్లటి లస్సీ దొరుకుతుంది. ఆ హోటలు ప్రెసిడెంటుగారిదే. ఆయన మా నాన్న. క్రూసేడ్లలో నడిచినవాళ్ళ భక్తిని నేను కాదనను. నడిపించిందెవరన్నదే ఇవాళ్టి ప్రశ్న.”

హాలు పగలబడి నవ్వింది. కమిటీ వాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. నేను గెలిచాను.

ఇంటికొచ్చేటప్పుడు టోటో రిక్షాలో నాన్న నా కప్పును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “రూటు నేనే మార్పించినాను, నిజమే,” అన్నాడు. “మరి ఆ ఎండలో సెప్పుల్లేకుండా ఘటం నెత్తినెట్టుకుని నడిసినాను. అరికాళ్ళు బొబ్బలెక్కిపోనాయి. అది ఏటికి నడిసినాననుకుంటన్నావు, లస్సీ అమ్మడానికా?”

వంగి ఆయన చెప్పుల వైపు చూశాను. నాన్న మీద బోలెడు ప్రేమ పొంగుకొచ్చింది.

కోల్‌కతా ఫైనల్లో చీటీ తీస్తే ‘కాదు’ వచ్చింది. అంటే ఇప్పుడు క్రూసేడ్లను నడిపించింది భక్తేనని నేను వాదించాలి. హాలు బయటికొచ్చి ఫోన్ చేశాను.

“నాన్నా, ఈసారి నీ అరికాళ్ళు వాడుకోనా?”

అవతల పెనం మీద దోసె చుయ్యిమంది.

“వాడుకో. కానీ ఈ ఏడు ఊరేగింపు రూటు కూడా నాదే. అది మాత్రం సెప్పీకు.”