రేవతి బుగ్గ మీది వెలుగు

అల్లూరులో నరేంద్రబాబు ఫోటో స్టూడియోకి పోయినవాళ్లకు జబీనా గొంతు ముందు వినిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తుంది. లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని పెళ్లి ఫోటోలకు మెరుగులు దిద్దడం ఆమె పని. నల్లటి పిల్లను తెల్లగా చెయ్యమంటే చెయ్యదు. ముక్కు తగ్గించమంటే "డాక్టరు దగ్గరికి పోండమ్మా" అంటుంది. ఇంత నోరున్న మనిషిని ఇన్నేళ్లు ఎట్లా భరిస్తున్నావని అడిగితే నరేంద్రబాబు తల గోక్కుంటాడు. ఆమె దిద్దిన మొహం దిద్దినట్టు ఉండదు మరి, ఏం చేస్తాడు!

బుగ్గల దగ్గర ఆమె పట్టింపు చెప్పనలవి కాదు. ముందు కళ్లలో మెరిసే చుక్క ఎటుందో, ముక్కు నీడ ఎటు పడిందో చూస్తుంది. వెలుగు ఎటునుంచి వస్తోందో తేలితే గానీ మౌసు కదలదు. తర్వాత చెవి ముందు నుంచి పెదవి మూలవైపు దిగే ఎముకను వెతుకుతుంది. ఆ ఎముక కింది పల్లంలో, ఆ మొహం నీడలోంచే తీసుకున్న రంగును పలచగా పూసి, కంటి చివర కిందికి రాగానే ఆపేస్తుంది. మెరుపు మాత్రం ఎముక మీద, అదీ వెలుగు తగిలే బుగ్గకే. రెండో బుగ్గకు ఉందా లేదా అన్నంత.

నరేంద్రబాబుది వేరే దారి. స్టూడియో లైట్లలో తీసిన ఎవరో పెళ్లికూతురి బుగ్గల నీడనూ మెరుపునూ పైన పరిచే పొరలా, విడిగా ఒక లేయరు ఫైలుగా దాచుకున్నాడు. ఏ మొహం వచ్చినా దాన్నే తెచ్చి అతికిస్తాడు. అది చూస్తే జబీనాకు ఒళ్లు మండిపోతుంది.

జువ్వలదిన్నె పెళ్లికూతురు రేవతి ఫోటో దగ్గర ఇద్దరికీ చెడింది. ఆ ఊరి హార్బరులో, సముద్రంలోంచి పొద్దు పైకొచ్చే వేళ తీసిన ఫోటో అది. బంగారు ఎండంతా రేవతి కుడి బుగ్గ మీద పడింది. పెళ్లి మండపం ముందు పెట్టే పెద్ద ఫ్లెక్సీకి అదే కావాలన్నారు. రేవతిది వెడల్పు దవడ, ఎత్తు బుగ్గలు. పెళ్లికొడుకు అక్క సాయిలక్ష్మి ఫోను చేసి, బుగ్గలు లోపలికి లాగి మొహం కోలగా చెయ్యమంది.

"లేని ఎముక నేను యాడనుంచి తెచ్చేది? ఉన్నదానికే వేస్తా," అంది జబీనా.

"వాళ్లు అడిగింది చెయ్యాల. లేదంటే రేపట్నుంచి నువ్వు రాబళ్లేదు," అన్నాడు నరేంద్రబాబు.

ఆమె లేవలేదు, తన పద్ధతిలోనే పూర్తి చేసింది. ఆయన పంతంగా పక్క కంప్యూటరులో తన లేయరు తెచ్చి పెట్టాడు. ఎండ కుడి బుగ్గ మీదుంటే తెల్లటి మెరుపు ఎడమ బుగ్గకు అంటుకుంది. దానికేముంది, ఫోటోనే అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పేశాడు. వెలుగు కుదిరింది. దవడ కూడా నొక్కేసి, బాగుందని తనే మురిసిపోయాడు.

"పైట చూడన్నా," అంది జబీనా. పైట కుడి భుజం మీదికి వచ్చేసింది.

"అంత ఎవురు చూస్తారులే!"

సాయంత్రం సాయిలక్ష్మి రేవతిని వెంటబెట్టుకుని వచ్చింది. నరేంద్రబాబు చేసిన ఫోటో చూసి, "ఇట్టా ఉండాల," అని సంబరపడింది. రేవతి చాలాసేపు చూసింది.

"ఎవురీమె? పైట కుడి భుజాన యేసుకొనుండాదే!"

నరేంద్రబాబు వద్దని కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. జబీనా తను దిద్దిన ఫోటో తెరిచింది. పొద్దుటి ఎండ కుడి బుగ్గ ఎముక మీద సన్నగా మెరుస్తోంది, దాని కింద నీడ మెత్తగా దిగింది. ఎడమ బుగ్గ నీడలోనే ఉంది. వెడల్పు దవడ ఉన్నచోటనే ఉంది. రేవతి మొహం విప్పారింది.

"దవడ అట్నే ఉందే!" అంది సాయిలక్ష్మి.

"ఉంటాది వదినా. పీటల మీదికి వచ్చేది నేనే గదా. ఫ్లెక్సీలో ఒకరు, పీటల మీద ఇంకొకరు ఉంటే బాగుంటాదా? ఇదే వేయించండి."

సాయిలక్ష్మి మూతి ముడుచుకుని గుమ్మంవైపు నడిచింది. వాళ్లు పోయాక జబీనా చున్నీ సర్దుకుని లేచింది. రావద్దన్న మనిషే మళ్లీ పిలవందే అక్కడ ఉండిపోయే రకం కాదు తను.

"యాడికి? వాళ్ల ఆల్బం అంతా మిగిలుండాదే. కూర్చో," అన్నాడు నరేంద్రబాబు, ఆమె మొహం చూడకుండా.

"ఆ లేయరు తీసెయ్యి, కూర్చుంటా."

"ఉండనీలే, ఒక మూల పడుంటాది."

జబీనా గడప దాటింది. వెనక నుంచి మౌసు నొక్కిన చప్పుడు వినిపించింది. "తీసేసినాలే తల్లీ, రా!" అని కేక వేశాడు.

ఆమె తలుపు దగ్గరే నిలబడి తెరకేసి చూసింది.

"రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యన్నా," అంది.