అర నిమిషంలో ఆండాళ్

ఆండాళ్ ఒకచోట కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. దేశ రాజధానిలో, జియా సరాయ్ సందులో ఆమె అద్దెగది ఎంతని! అందులోనే అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేది. సైన్యంలో హవల్దారు కూతురు. నాన్నకు బదిలీ అయినప్పుడల్లా ఊరు మారిన పిల్ల, కాళ్లకు ఆ అలవాటు పోలేదు. 1999లో చక్కటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి సొంత కంపెనీ అంది. సరుకు దింపి ఖాళీగా తిరిగిపోయే లారీలకు, అదే దారిన సామాను పంపాల్సినవాళ్లను కంప్యూటర్లో వెతికి జతచేయడం దాని పని. ప్రోగ్రాం సిద్ధం. నడపడానికి పెట్టుబడి లేదు.

పాత ఆఫీసువాళ్లు మళ్లీ రమ్మన్నారు, సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. ఈలోగా శనివారం అశోకా రోడ్డు దగ్గరి హోటల్లో పెట్టుబడిదారుల సమావేశం. ఒక్కొక్కరికీ అర నిమిషం, గంట కొడితే పక్కకు తప్పుకోవాలి. అక్కడ కుదరకపోతే కంపెనీ కథ కంచికే.

నా పేరు చెన్నకేశవులు, నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్లు అమ్మేవాణ్ణి; ఆమెదీ నా దగ్గర కొన్నదే. ఓపిక తక్కువ, నోరెక్కువ. ముప్పై అయిదేళ్లకే ఆ పిల్ల నన్ను అంకుల్ అంటుంటే ఒళ్లు మండేది. అయినా శుక్రవారం సాయంత్రం ఆమె గదికి వెళ్లి, చేతిగడియారం చూస్తూ "కానీ" అన్నాను.

"గుడ్ ఈవినింగ్ సర్. మైసెల్ఫ్ ఆండాళ్. మా నాన్నగారు హవల్దార్ కనకయ్య. నేటివ్ ప్లేస్ నంద్యాల. నేను బీటెక్ ఫస్ట్ క్లాస్‌లో..."

"ఆగు తల్లీ, ఆగు! అర నిమిషం అయిపోయింది. లారీ ఏది?"

ఆ సందులో కోచింగ్ పిల్లలంతా ఇంటర్వ్యూలకు బట్టీపట్టే పాఠమది. నాన్న పేరు చెప్పకుండా నోరు తెరిస్తే మర్యాద కాదనుకుంటారు.

ఆ పరిచయం తర్వాత చెప్పాలని ఆమె రాసుకున్నది చూశాను. ఇంటిగ్రేటెడ్ అట, సొల్యూషన్ అట! "ఇది చదవడానికి రాశావు, చెప్పడానికి కాదు. అర నిమిషంలో డెబ్బై మాటలు పడితే గొప్ప. కొట్టెయ్." చదువు కొట్టేసింది, ఊరు కొట్టేసింది. నాన్న పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఇదొక్కటీ ఉంచుదాం అంకుల్, ప్లీజ్. నా పేరు చెప్పు, ఫౌజీ కూతుర్ని ఎవరూ కాదనరు అన్నారు నాన్న."

"వాళ్లు మీ నాన్నను చూడలేదమ్మా. చూసినట్టు గుర్తుండేది ఏదైనా చెప్పు. అసలు నీకీ లారీల పిచ్చి ఎట్ల పట్టింది?"

చెప్పింది. విని ఎగిరి గంతేశాను. "అదే! అదొక్కటే ఉంచు. చివర ఏం అడుగుతావు?"

"సపోర్ట్ చేయండి అని."

"సపోర్ట్ అంటే ఏంది? భుజం పట్టుకోవాలా? ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి రావాలో అడుగు. అడిగి నోరు మూసుకో. తర్వాత మాట్లాడాల్సింది వాళ్లే."

నాన్న పేరు కొట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం అనిపించినా, నేను మాత్రం తగ్గలేదు.

శనివారం నేనూ వెంట వెళ్లాను. ఆమె ఒక పెట్టుబడిదారు ముందు నిలబడింది. ముభావి మనిషి, ఎవరు చెప్పినా వాచీ చూసుకుంటున్నాడు. ఆండాళ్ "మైసెల్ఫ్..." అని ఆగిపోయింది. పాత పాఠం! ఊపిరి పీల్చుకుని, హిందీ, ఇంగ్లీషు కలిపి మొదలెట్టింది.

"పఠాన్‌కోట్ నుంచి సికింద్రాబాద్‌కు మా ఇంటి సామాను తెచ్చిన లారీకి మేం రానూపోనూ కిరాయి ఇచ్చాం. తిరిగి వెళ్లేటప్పుడు ఆ లారీ మోసింది మా అమ్మ డ్రైవరుకు కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒక్కటే. అలాంటి ఖాళీ లారీలకు అదే దారిలో లోడు వెతికే ప్రోగ్రాం నా దగ్గరుంది. మంగళవారం పొద్దున ఒక్క గంట ఇవ్వండి. ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో మీ కళ్లముందే ఒక ఖాళీ లారీకి లోడు కుదిర్చి చూపిస్తాను."

అంతే. ఆయన మాట్లాడడు. ఆమె మాట్లాడదు. గంట ఇంకా కొట్టలేదు. నాకు ఆగలేదు, "సర్, ఈ అమ్మాయి ఫస్ట్ క్లాస్..." అనబోయాను. ఆండాళ్ నా కాలు కసుక్కున తొక్కింది. నేర్పినవాడికే బుద్ధి లేకపోతే ఏం చేస్తుంది!

"డబ్బా ఒక్కటేనా?" అన్నాడాయన నవ్వి. "ఠీక్ హై. మంగళవారం వస్తాను."

బయటికొచ్చి ఎస్టీడీ బూత్‌లో సికింద్రాబాద్‌కు ఫోన్ చేసింది. నేను కుంటుకుంటూ వెళ్లి పక్కనే నిలబడ్డాను.

"నాన్నా, వస్తానన్నారు! సోమవారం ఆఫీసువాళ్లకు రానని చెప్పేస్తా."

"నా పేరు చెప్పినావా?" కనకయ్యగారి గొంతు నాకూ వినిపించింది. జీవితమంతా పరేడ్‌లో అరిచిన గొంతు కదా.

ఆండాళ్ నా వంక కోపంగా చూసింది. "లేదు నాన్నా. టైం లేదని కొట్టేశాం. లారీ డ్రైవరుకు అమ్మ పులిహోర కట్టిచ్చిందే, అది చెప్పా."



"అమ్మ యాడ కట్టిందే! ప్రయాణంలో జొరం తగిలి మీయమ్మ లేవనే లేదు. నువ్వు నిద్రపోతాంటివి. ఆ పులిహోర కలిపింది నేను."

ఆండాళ్ రిసీవర్ పట్టుకుని ఆ బూత్‌లో స్టూలు మీద కూర్చుండిపోయింది. చాలాసేపు లేవలేదు.