బోణీ చెయ్యి

గుడియాత్తం బజారులో అందరికంటే ముందు తెరుచుకునేది రాఘవులు లుంగీల కొట్టు. పల్లెల్లో తిరిగి అమ్ముకునేవాళ్లు తెల్లవారగానే వచ్చి సరుకు ఎత్తుకుపోతారు. ఆ మొదటి బేరం మాత్రం ఆయన కూతురు హేమప్రియ చేతి మీదుగానే జరగాలి. ఆమెది కైరాశి ఉన్న చెయ్యి, ముట్టుకున్న బేరం కలిసొస్తుందని ఇంట్లో అందరి నమ్మకం.

హేమప్రియ చిన్నాయన కూతురు గౌతమి చేతికి ఆ పేరు లేదు. ఒకసారి ఆమె బోణీ చేసిన లుంగీలు నీళ్లలో రంగు దిగి తిరిగొచ్చాయి. ఆనాటి నుంచి అవ్వ సరసమ్మ ఆమెను పొద్దున పూట కొట్టులోకి రానివ్వదు. అందుకని గౌతమి కొట్టు పైనున్న మేడ మీద కాఫీ తాగుతూ లెక్కలు చేసుకుంటుంది. కిటికీలోంచి కనబడే ఆ వంచిన తలను చూస్తే, కింద మడత విప్పిన లుంగీని మళ్లీ మడిచే హేమప్రియకు ఒళ్లు మండేది.

ఇద్దరూ వేలూరు కాలేజీలో బీకాం రెండో ఏడు, ఒకే బెంచీ. కాస్ట్ అకౌంటింగ్‌లో గౌతమి పాసైంది. హేమప్రియ తప్పింది, అరియర్ పడింది. ఈసారి కూడా పోతే మూడో ఏడు అక్కర్లేదు, కొట్లోనే కూర్చోమని రాఘవులు చెప్పేశాడు.

ఆమె చదవకపోలేదు. కాలేజీ నుంచి వచ్చాక కొట్లోనే పుస్తకం తెరిచేది. లెక్క సగంలో ఉండగా ఎవరో ఒకరు పచ్చంచు లుంగీ అడిగేవారు. తిరిగొచ్చేసరికి ఏ అంకె ఎక్కడిదో తెలిసేది కాదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. కొట్టు మూసేసరికి కళ్లు మూతలు పడేవి.

"థియరీ బస్సులో చదువు. బేరం లేనప్పుడు పుస్తకం మూసి, చదివింది గుర్తుందా అని చూసుకో. లెక్కలు మాత్రం ముక్కలు ముక్కలుగా కుదరవు. వారంలో మూడు పొద్దులు ఎవురూ పిలవని చోట కూర్చోవాల," అని లెక్చరర్ పుష్పవల్లి చెప్పింది.

ఎవరూ పిలవని చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అది గౌతమిది.

మర్నాడు మొదట వచ్చిన పల్లె బేరగాడు ఏళుమలైకి హేమప్రియ కావాలనే ఎక్కువ ధర చెప్పింది. అతను ఖాళీ మూటగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు. ఇక తన చెయ్యి చెడిందంటారని ఎదురుచూసింది.

"వాడి మొగం చూసినావా? పొద్దున్నే యాడో కొట్లాడి వచ్చినట్టు ఉండాది. నీ చేతిది తప్పేం లేదులే తల్లీ," అన్నాడు రాఘవులు.

హేమప్రియకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "తప్పుండాది నాయనా! నేనే పొమ్మనేట్టు ధర చెప్పినా. మంచి చెయ్యి అని నాకు అరియర్, చెడ్డ చెయ్యి అని గౌతమికి చదువా? నా చెయ్యి కూడా చెడ్డదని చెప్పండి, నేనూ మేడెక్కతా!"

సరసమ్మ చెవులు మూసుకుంది. "పొద్దున్నే ఏం మాటలే అవి!"

మెట్ల మీద గౌతమి నిలబడి ఉంది. ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు.

"పెద్దనాయనా, సోమవారం, బుధవారం, శుక్రవారం నేను కూర్చుంటా. అక్క పైన చదువుకోనీ."

"నీ చెయ్యా?" అంది సరసమ్మ.

"రంగు పోయింది లుంగీకి అవ్వా, నా చేతికి కాదు. ఈసారి రంగు దిగని సరుకు నా ముందర పెట్టండి."

రాఘవులు నవ్వాపుకోలేకపోయాడు. అరియర్ రాసేదాకా చూద్దామన్నాడు.

సోమవారం పొద్దున హేమప్రియ మేడ మీద గౌతమి కుర్చీలో కూర్చుంది. కాఫీ పక్కన ఉంది. ఎవరూ పిలవలేదు. లెక్క చదివింది. మళ్లీ చదివింది. ఆమె చెవులు కిందే ఉన్నాయి.

"ఏం పాపా, కొత్తగా ఉండావే!" ఏళుమలై గొంతు.

"పాతదాన్నే. దాచిపెట్టినారు. ఇది మీకు బాగుంటాది, మీ ఆవిడకి చూపియ్యండి, తిట్టదు."

నవ్వులు. లుంగీలు దులిపిన చప్పుడు. ఏళుమలై రెండో కట్ట కూడా అడిగాడు.

"దీనికి మాటకారితనం కూడా ఉండాదే!" అన్నాడు రాఘవులు. ఆ మాటలో ఉన్న సంతోషం హేమప్రియకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ అది ఆమెదే. సరసమ్మ కూడా ఏదో అని నవ్వింది.

హేమప్రియ కుర్చీలోంచి సగం లేచింది. గౌతమి బేరం తప్పుగా చేసిందేమో చూడాలనిపించింది. తప్పు చేసి ఉంటే బాగుండుననీ అనిపించింది.

కింద గౌతమి ఇంకెవరితోనో ధర చెబుతోంది, తడుముకోకుండా.

హేమప్రియ కిటికీ మూసింది. ఉక్కపోసింది. కొత్త పేజీలో లెక్క మొదలుపెట్టి, వేసిన సరుకులోంచి మామూలు నష్టం తీసేసింది. ఖర్చులోంచి తుక్కు విలువ తగ్గించింది. మిగిలిన ఖర్చును మిగిలిన సరుకుకు పంచింది. కింద మళ్లీ నవ్వారు. పంటి కింద పెదవి నొక్కి, లెక్కలో తర్వాతి మెట్టు, అసాధారణ నష్టం దగ్గరికి వచ్చింది.