హంజా గొడవలో రెండు చుక్కలు

న్యూజెర్సీలో ఓ అనువాద కంపెనీలో అరబిక్ ప్రూఫులు దిద్దేదాన్ని. ఒకసారి ప్రభుత్వ నోటీసులో ‘బాధ్యుడు’ అనే అరబిక్ మాట దగ్గర పని ఆగిపోయింది. అందులో హంజా అనే చిన్న గుర్తును వావ్ అక్షరం మీద పెట్టాలని మాతో పనిచేసే సిరియా ఆయన, చుక్కల్లేని యా మీద పెట్టాలని ఈజిప్టు ఆవిడ పట్టుబట్టారు. రెండూ చెల్లుతాయి. అయినా ఒకరు దిద్దింది మరొకరు తిరగదిద్దుతూ మూడు రోజులు గడిపారు. తీర్పరిని నేను. చివరికి వావ్ గెలిచింది, నోటీసు అచ్చయింది.

మర్నాడే ఓ ఇరాకీ పెద్దాయన నోటీసు అడుగున ఉన్న మా కంపెనీ నంబరుకు అరబిక్‌లో ఫోన్ చేశాడు.

“అమ్మా, దరఖాస్తు ‘నాకు’ పంపమని రాశారు. ఆ నేను ఎవరు?”

నోటీసు తీసి చూశాను. ‘ఆఫీసుకు’ అనడానికి ముందొచ్చే చిన్న మాట చివర చుక్కల్లేని అక్షరం ఉండాలి. టైపిస్టు అదే ఆకారంలో కింద రెండు చుక్కలుండే యా కొట్టాడు. దాంతో అది ‘నాకు’ అయిపోయింది. హంజా వేటలో ముగ్గురం దాన్ని చూడలేదు. సిగ్గేసింది.

ఫోన్ హోల్డ్‌లో పెట్టి మా తెలుగు మేనేజర్‌కి చెప్పాను.

“రెండు డాట్సే కదండీ, ఎవరు నోటీస్ చేస్తారు?”

“ఒకాయన చేశారు సార్. లైన్‌లో ఉన్నారు, మాట్లాడతారా?”

ఆ మధ్యాహ్నమే మళ్లీ అచ్చుకు పంపాం.