పదకొండో బిట్టుకి నా కీ

అరకులో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పడం మొదలెట్టి పన్నెండేళ్ళు. నా కీ తప్పని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ శీతాకాలం ఒక గుంట, ఫైనలియర్ పిల్ల, స్టాఫ్ రూములోకి వచ్చి సరిగ్గా ఆ మాటే అంది.

ఎమ్మెస్సీ ఎంట్రన్సుకి విశాఖలో ఉచితంగా కోచింగిస్తాం, మీ కాలేజీ నుంచి ఇద్దర్ని పంపండి అని అక్కడి సంస్థ ఒకటి ఉత్తరం రాసింది. ఇరవై బిట్ల పరీక్ష పెట్టాను. కీ, మార్కులు పొద్దున్నే గోడకి అంటించాను. అందులో నంబర్లే తప్ప పేర్లు లేవు, ఎవరిది ఏ నంబరో నాకు గుర్తుండదు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరి పేర్లూ ప్రిన్సిపాల్ గారికి అందాలి. ఈ గుంట మూడింటికొచ్చింది.

"సార్, పదకొండో బిట్టుకి కీ తప్పండి."

ఓ మార్కు కోసం వచ్చిందనుకున్నాను. "ఏటమ్మా, నాకు పాఠం చెప్తావా?" అని కసిరాను. అయినా కదల్లేదు.

బిట్టు ఇది. కాఫీ నర్సరీలో రెండు ఎరువులు వేసి మొక్కల ఎత్తు పోల్చారు. 'రెండింటికీ తేడా లేదు' అన్నది నల్ హైపోథిసిస్. పి వాల్యూ 0.03 వచ్చింది. అంటే ఏమిటి? ఎ: తేడా లేదన్న మాట నిజమయ్యే అవకాశం మూడు శాతం. బి: నిజంగా తేడా లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం మూడు శాతం. నా కీలో ఎ ఉంది.

"సార్, మా ఊరోలు పది మందిలో తొమ్మిది మంది సంతకొస్తారు. అలాగని సంతలో ఉన్న పది మందిలో తొమ్మిది మంది మా ఊరోలేటి?"

నేను కీ కాగితం ముందుకి లాక్కున్నాను.

"తేడా లేదనుకునే కదండి పి లెక్కగట్టాం. ఆ అనుకున్నది ఎంత నిజమో మళ్ళీ ఆ లెక్కే ఎలా సెప్తాది?"

ఓరి దేవుడా! క్లాసులో నేనూ సరిగ్గానే చెప్పాను. కీ తయారు చేసేటప్పుడు హడావుడిలో ఏదో పాత గైడు చూసి దించేశాను. ఆ సంత మాట మాత్రం నాకు పన్నెండేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

పరువు కోసం ఇంకా పెనుగులాడాను. "పోనీ, మొదటి రకం పొరపాటుకి అవకాశం మూడు శాతమని అర్థం చెప్పుకోవచ్చుగా?"

"అదీ కాదండి. మలేరియా లేనోడికి కిట్టు ఉందని సెప్తే మొదటి రకం. ఉన్నోడికి లేదంటే రెండో రకం. మొదటి రకానికి ఎంత దాకా ఒప్పుకుంటామో పరీక్షకి ముందే ఐదు శాతమని పెట్టుకుంటాం. మొక్కలు కొలిచాక అది మారదండి."

ఇంకేం చేస్తాను, నవ్వాను. "సరే తల్లీ, గెలిచావు. నీకో మార్కు కలుపుతాను."

"కలపడం కాదండి, తీసెయ్యాలి. నేను ఎ పెట్టాను."

అర్థం కాక, ఈమె నంబరడిగి పేపర్ల కట్ట విప్పాను. ఈమెకి పదిహేడు, రెండో స్థానం. మూడో స్థానంలో పదహారు మార్కుల పిల్ల, ఈమె హాస్టల్ గదిలోనే ఉంటుందట. ఆ పిల్ల బి పెట్టింది, నేను ఇంటూ కొట్టాను.

"కీ చూసి అది ఒకటే ఏడుపండి. బి ఎందుకు పెట్టావే అని దెబ్బలాడి, ఎ ఎందుకు రైటో సెప్పబోయాను. సెప్తుంటే నాకే తెలిసిపోయింది."

మార్కు కోసం వచ్చిందని నేను తీర్మానించేశాను. లేనిది ఉందన్నాను. మొదటి రకం పొరపాటు, అదీ స్టాటిస్టిక్స్ మేష్టారు చేసింది. సిగ్గేసింది. అంతకు మించి, ఆ గుంటని చూస్తే భక్తిలాంటిదేదో కలిగింది. కుర్చీలోంచి లేచాను.

కీ మార్చి పేపర్లన్నీ మళ్ళీ దిద్దాను. మొదటి స్థానం మారలేదు. మూడో స్థానం పిల్లకి పదిహేడయ్యాయి. ఇక ఈమె పేపరొక్కటే మిగిలింది. నాలుగవడానికి పది నిమిషాలుంది.

"విశాఖ అవకాశం పోతుంది, తెలుసా?" అన్నాను.

"తెలుసండి." కళ్ళనిండా నీళ్ళు. "వేరే దారేటైనా చూస్తాను."

నా కలం ఆ రైటు మార్కు మీదే ఆగిపోయింది. మనసొప్పలేదు. "బేగి కానియ్యండి సార్, టైమైపోతంది" అని కలం నా చేతిలోంచి తీసుకుని, తనే కొట్టేసి, పదిహేడు దిద్ది పదహారు చేసింది.