మళ్లీ చెప్పనక్కర్లేదు

జాహెదా పుట్టింది శంషాబాద్‌లో, పెరిగింది అక్కడే, పెళ్లయి కాపురం పెట్టిందీ బస్టాండు వెనక సందులోనే. డిగ్రీ మధ్యలో మానేసి కొన్నాళ్లు విమానాశ్రయం దగ్గరి హోటల్లో రిసెప్షన్‌లో కూర్చుంది. కూతురు అర్ఫా పుట్టాక ఆ షిఫ్టులు కుదరక ఒక క్యాబ్ కంపెనీ చాట్ సెంటర్లో చేరింది. భర్త అరీబ్ విమానాశ్రయం నుంచి క్యాబ్ నడుపుతాడు. తను చేసిన ఫోన్ అతను ఎత్తకపోతే చాలు, రోడ్డు మీద ఏమైందోనని హడలిపోయేది. ఆ భయం పెళ్లయిన కొత్తలో మొదలైంది, ఇన్నేళ్లయినా పోలేదు.

చాట్ సెంటర్లో ఆమె పని ఇది. ప్రయాణికులు యాప్‌లో ఏదైనా రాస్తే ముందు బాట్, అంటే మాట్లాడే యంత్రం, జవాబిస్తుంది. దాని వల్ల కాకపోతే చాట్‌ను మనిషికి అప్పగిస్తుంది. అప్పగించేటప్పుడు అంతవరకు ఇద్దరూ రాసుకున్నదంతా, ప్రయాణం వివరాలతో సహా, జాహెదా తెర మీదకు వచ్చేస్తుంది. పైన ఒక వరుసలో బాట్ రాసిన సారాంశం ఉంటుంది. పని ఒత్తిడిలో చాలామంది ఆ సారాంశం చూసే జవాబు మొదలుపెడతారు. జాహెదా మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివేది. అర్ఫాకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చినరోజు దవాఖానలో కిటికీ కిటికీకి అదే కథ చెప్పుకుంటూ తిరిగిన తల్లి ఆమె. నాలుగో కిటికీ దగ్గర నోరు పెగలక ఏడ్చేసింది. అందుకే చదివేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె ముందుకు ఒక చాట్ వచ్చింది. సారాంశంలో, డ్రైవర్ ఆలస్యం, ఎప్పుడొస్తాడో అడుగుతున్నారు, అని ఉంది. అలాంటివి రోజూ వచ్చేవే. జాహెదా పైకి జరిపి చదవసాగింది.

రాసింది రేఖ అనే ఆవిడ. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ ముందు నిలబడి ఉంది. తొండుపల్లిలో ఉన్న తల్లి ఈరమ్మను తమ్ముడు క్యాబ్ ఎక్కించి పంపాడు. ఎప్పుడో రావాల్సిన బండి రాలేదు. డ్రైవర్ ఫోన్ ఎత్తడం లేదు. బాట్ మాత్రం బండి దారిలో ఉందనే చెబుతూ వచ్చింది, ప్రయాణం ఇంకా ముగియలేదు కాబట్టి. ఆ తరువాత రేఖ వరసగా ఇవి రాసింది.

"అమ్మకు పక్షవాతం. మాట రాదు. ఒక చెయ్యే ఆడుతది."

"అమ్మ దగ్గర చిన్న ఫోన్ ఉంది. బటన్ నొక్కితే నాకే వస్తది. రెండుసార్లు వచ్చింది. ఎత్తితే ఊపిరి సప్పుడే వినిపిస్తుంది."

"నేను కాల్ చేస్తే ఎత్తుతలేదు. మల్ల చేస్తదేమో అని నా ఫోన్ ఖాళీ పెట్టిన. మీరు గూడ కాల్ చెయ్యకుర్రి."

బాట్ ఆ చివరి మాటకు బదులుగా మా ప్రతినిధి మీకు సహాయం చేస్తారు, మీ సంభాషణ వారికి కనిపిస్తుంది, అని రాసి చాట్ అప్పగించింది.

మామూలుగా రాయాల్సిన, చెప్పండి మీ సమస్య ఏమిటి, అన్న వాక్యాన్ని జాహెదా రాయలేదు. "రేఖక్కా, నేను జాహెదాను. మీరు రాసిందంతా చదివిన. మల్ల చెప్పనక్కర్లేదు. మీకు ఎవ్వరూ ఫోన్ చెయ్యరు. ఇక్కడే ఉండుర్రి," అని రాసింది.

అవతలి నుంచి ఒక్క మాటే వచ్చింది. "జల్ది."

జాహెదా బండి జాడ చూసింది. డ్రైవర్ ఫోన్ నుంచి జాడ ఇంకా వస్తూనే ఉంది, కానీ చుక్క కదలడం లేదు. బెంగళూరు హైవే పక్క సర్వీస్ రోడ్డులో, గగన్‌పహాడ్ రాకముందే, నిలబడిపోయి ఉంది. మాట రాని ముసలమ్మ, ఫోన్ ఎత్తని డ్రైవర్, ఆగిపోయిన బండి. జాహెదాకు ముందు చెడు ఆలోచనే వచ్చింది. వాడు ఆమెను ఏం చేశాడో అనుకుంది. వెంటనే డ్రైవర్ వివరాలు చూసింది. పేరు కుర్మయ్య. చాలా ఏళ్లుగా నడుపుతున్నాడు, ఒక్క ఫిర్యాదు లేదు. అప్పుడు రెండో భయం మొదటిదాని మీద వచ్చి కూర్చుంది. వాడికే ఏమైనా అయితే? అరీబ్ కూడా ఇదే రోడ్డు మీద ఉన్నాడు.

ఇలాంటివి భద్రతా విభాగానికి పంపాలి. అక్కడున్నది మంజుల. ఆ విభాగం మొదట చేసే పని ప్రయాణికులకు, బుక్ చేసినవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడటం. ఇక్కడ అదే చేస్తే తల్లి బటన్ నొక్కి చేసే కాల్ కూతురికి అందదు. జాహెదా చాట్ మొత్తం జతచేసి, బాట్ సారాంశం మీద ఆధారపడకుండా పైన తనే రాసింది: ప్రయాణికురాలికి మాట రాదు, కూతురి లైన్ ఖాళీగా ఉంచాలి, బండి కదలడం లేదు, డ్రైవర్‌కు జబ్బు చేసి ఉండవచ్చు. పంపిన తరువాత కూడా ఆగలేక లేచి మంజుల బల్ల దగ్గరికి వెళ్లింది.

"మంజులక్కా, రేఖకు కాల్ చెయ్యకు."

మంజుల తెర మీద నుంచి కళ్లు తీయలేదు. "చదివిన. చెయ్య." ఆమె అప్పటికే ఫోన్‌లో 108 వాళ్లకు చోటు చెబుతోంది, తెర మీద ఆ దగ్గర్లో ఉన్న మరో డ్రైవర్, రాఘవేందర్‌ను వెతికి పట్టుకుంది. అతన్ని బండి దగ్గరికి వెళ్లి చూడమంది.

జాహెదా తన కుర్చీలో కూర్చుని వేచి ఉంది. అప్పటిదాకా చూస్తున్న మిగతా చాట్లను పక్కనున్న అమ్మాయి తీసుకుంది. జాహెదాకు చేయడానికి ఏమీ మిగల్లేదు. అదే భరించరానిదిగా ఉంది. రేఖకు ఏం రాయాలి? ఏమీ తెలియకుండా ధైర్యం చెప్పడం అబద్ధం. "మనిషి పోతున్నడు, అంబులెన్స్ పోతున్నది," అని మాత్రమే రాసింది.

తెర మీద రేఖ రాసింది. "మల్ల వచ్చింది. ఎత్తిన. అమ్మ ఏడుస్తుంది. ఇంకేదో సప్పుడు, గురక లెక్క."

జాహెదా పరుగున వెళ్లి ఆ మాటలు మంజులకు చెప్పింది. మంజుల ముఖం మారింది. ఆ గురక ఈరమ్మది కాదని ఇద్దరికీ అర్థమైంది. 108 వాళ్లకు మంజుల మళ్లీ ఫోన్ చేసి, స్పృహ లేని మనిషి ఉన్నాడు, ఊపిరి గురకగా వస్తోంది, అని చెప్పింది.

రాఘవేందర్ నుంచి ఫోన్ వచ్చేసరికి జాహెదా ఇంకా మంజుల బల్ల దగ్గరే ఉంది. మంజుల స్పీకర్ పెట్టింది. అతను ఆయాసపడుతూ మాట్లాడాడు. బండి పక్కకు ఆపి ఉంది, డ్రైవర్ స్టీరింగ్ మీద పడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. వెనక సీట్లో ముసలమ్మ ముందుకు వంగి, ఆడే చేత్తో ఆయన చొక్కా పట్టుకొని ఊపుతోంది. ఆమెకు దెబ్బలేమీ లేవు.

"అంబులెన్స్ సైరన్ వినిపిస్తుంది," అన్నాడు రాఘవేందర్. "అమ్మను నేను తీసుకపోత. ఏడికి పోవాల్నో చెప్పుర్రి."

క్లినిక్ చిరునామా చాట్లోనే ఉంది. మంజుల చదివి చెప్పింది.

జాహెదా తన కుర్చీకి తిరిగొచ్చి రాసింది. "అమ్మ బాగున్నది. డ్రైవర్ అన్న పడిపోయిండు. అమ్మే ఆయనను లేపనీకి చూస్తుందంట. వేరే బండిల మీ దగ్గరికే వస్తుంది."

రేఖ అడిగింది తల్లి గురించి కాదు. "ఆ డ్రైవర్ బతికిండా?"

అప్పటికి తెలియదు. జాహెదా అదే రాసింది, తెలిస్తే చెబుతానంది. సాయంత్రం షిఫ్టు అయ్యాక కూడా ఆమె కదల్లేదు. దవాఖానలో కుర్మయ్యకు గుండెకు సంబంధించిన వైద్యం మొదలైందని, ప్రమాదం ఇంకా గడవలేదని తెలిసింది. మూడో రోజుకు కళ్లు తెరిచాడు. ఆ విషయం రేఖకు జాహెదాయే రాసింది. రేఖ తల్లిని తీసుకుని ఆయనను చూడటానికి వెళ్లింది. ఈరమ్మ మంచం పక్కన కూర్చుని, మాటలు రాకపోయినా, ఆయన చొక్కా చెయ్యి మళ్లీ పట్టుకుందట.

ఆ శుక్రవారం ఇంటికి చేరేసరికి అరీబ్ వచ్చి ఉన్నాడు, అర్ఫాకు అన్నం కలుపుతున్నాడు. జాహెదా చెప్పులు కూడా విడవకుండా అతని పక్కన కూర్చుంది. ఏమైందని అడిగాడు. అంతా మొదటినుంచి చెప్పడం ఆమె వల్ల కాలేదు. రేపు దవాఖానకు పోయి గుండె చూపించుకొమ్మంది. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"పోత," అన్నాడు.