కిటికీ అడిగిందెవరు

కళ్ళజోళ్ళు బాగుచేసే జోళ్ళాయనకు చిరాకు పుట్టుకతో వచ్చిందనేవాళ్ళు ఆయన పని ఎప్పుడూ చూడలేదన్నమాట. కంటికి ఆనని మరల్ని పొద్దస్తమానం బిగించేవాడికి శాంతం ఎక్కణ్ణుంచి వస్తుంది? కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టుకున్న మనిషి వచ్చి, "దానంతటదే విరిగిందండీ" అంటాడు. ఈ ఊళ్ళో కళ్ళజోళ్ళన్నీ వాటంతటవే విరుగుతాయి.

వీధివైపు గదిలో ఆయన పని, వెనక రెండు గదుల్లో కాపురం. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే ఇల్లు. జోడు వంకరపోతే కాళ్ళు వాటంతటవే ఆ గుమ్మం వైపు నడవటం జనానికి అలవాటైపోయింది. ఆ గది పోతే ఆయన బతుకు మళ్ళీ మొదటికొస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మేడ మీదుండే ఇంటావిడకూ తెలుసు. ఆవిణ్ణి అందరూ పిన్నిగారంటారు. ఏ వరసనా ఎవరికీ పిన్ని కాదు.

ఒకరోజు పిన్నిగారు మెట్లు దిగొచ్చి, గిరాకీలు కూర్చునే స్టూలు మీద చతికిలబడింది.

"వచ్చే నెల నుంచి అద్దెకు సగం కలిపి ఇవ్వు నాయనా. కప్పు బాగుచేయించాను, గోడలకు సున్నం వేయించాను, తూము మార్పించాను. వీధిలో అందరూ పెంచేశారు."

"కప్పు కారితే మీరు కాక ఎవరు బాగుచేయిస్తారు పిన్నిగారూ?"

"అవన్నీ నాకు తెలీదు నాయనా. ఇష్టమైతే ఉండు, లేకపోతే నీ ఇష్టం."

ఆ మాట కూడా ఎంత ప్రేమగా అందంటే, జోళ్ళాయనకు ఒళ్ళు మండిపోయింది. తిట్టే మనిషినైతే తిరిగి తిట్టొచ్చు. వెన్న పూసినట్టు మాట్లాడే మనిషిని ఏం చేస్తాం?

నెల మొదట్లో పాత అద్దె పట్టుకుని మేడెక్కాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. "కొత్త అద్దె తెస్తే తీసుకుంటాను" అని తలుపు దగ్గరగా వేసేసింది. కిందికి వచ్చేసరికి బావమరిది తయారుగా ఉన్నాడు. కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టు పెట్టుకున్న పాపానికి అతను తనను తాను సగం లాయరనుకుంటాడు.

"ఆవిడే వద్దందిగా బావా. ఇక హాయిగా కూర్చో. ఎగ్గొట్టింది నువ్వు కాదు."

జోళ్ళాయన నిజంగానే కూర్చున్నాడు. తన తప్పేం లేదన్న ధీమాతో కొన్నాళ్ళు విజిలు కూడా వేశాడు. ఒకనాడు భార్య కూరగాయలు తరుగుతూ, "తీసుకోలేదని ఆవిడ ఎవరితోనైనా చెప్తుందంటారా? మీరివ్వలేదనే కదండీ చెప్తుంది" అంది. ఆ మాటతో విజిలు ఆగిపోయింది.

మర్నాడు అద్దె నియంత్రణ కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా కళ్ళజోడు ఒకవైపు కిందికి జారి ఉంది. దాన్ని లాక్కుని సరిచేయాలని ఆయన వేళ్ళు దురద పెడుతుంటే, ఆమె వరసగా అడుగుతూ పోయింది. ఇల్లు పాతదేనా? కొత్తగా కట్టినవైతే కొన్నేళ్ళదాకా ఈ చట్టం కిందికి రావు. ఇచ్చే అద్దె, చట్టం పెట్టిన హద్దు లోపలే ఉందా? న్యాయమైన అద్దె ఎప్పుడైనా ఖరారు చేశారా?

"చేశారండీ. ఆవిడ భర్త బతికుండగా పెంచమని ఇక్కడికే వచ్చాడు. చుట్టుపక్కల అద్దెలూ అవీ చూసి ఆఫీసరుగారు ఖరారు చేశారు. అదే ఇస్తున్నాను."

"అయితే ఇక ఆవిడ ఇష్టానికి పెంచటానికి లేదు. మీరు ఒప్పుకుని సంతకం పెట్టినా చెల్లదు. ఇంటిపన్ను పెరిగితే ఆ మేరకు అడగొచ్చు, మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. లేదా ఇంటికి కొత్తగా ఏమైనా చేర్పిస్తే, అదీ మీరు అడిగి చేయించుకున్నదైతే, ఆ ఖర్చులో చట్టం చెప్పిన వంతు."

"కప్పు, సున్నం, తూము?"

"అవి మరమ్మతులు. చేయించటం ఇంటివాళ్ళ పని. మీరు అడిగి చేయించుకున్నవేమైనా ఉన్నాయా?"

ఉంది. కిటికీ. ఒకప్పుడు ఆ గదికి గాలి గూడు తప్ప ఇంకేం లేదు. అద్దె ఖరారయ్యాక, చూపు ఆనటం లేదని పిన్నిగారి ప్రాణం తీసి, గోడ కొట్టించి, అద్దాల తలుపుల కిటికీ పెట్టించుకున్నది తనే. జోళ్ళాయన నీళ్ళు నమిలి, "చూసి చెప్తానండీ" అన్నాడు.

"సరే, అద్దె కట్టేశారా?"

"ఆవిడ తీసుకోలేదండీ. నా దగ్గరే ఉంది."

గుమాస్తా కలం కింద పెట్టేసింది. "దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఎలాగండీ? గడువు దాటితే బాకీ పడ్డారని ఖాళీ చేయించమంటూ ఆవిడే ఇక్కడికొస్తుంది. పెంపు న్యాయమా కాదా అన్నది తర్వాత సంగతి. ముందు ఏ బ్యాంకులో వేయమంటారో చెప్పమని ఆవిడకు రాతపూర్వకంగా నోటీసివ్వండి. జవాబు రాకపోతే మనియార్డరు చేయండి. అదీ తిప్పి పంపితే ఇక్కడ జమ చేయటానికి అర్జీ పెట్టండి."

గడువు ఇంకా దాటలేదు గాని, దాటటానికి ఎంతో లేదు. హాయిగా కూర్చోమన్న బావమరిదిని ఆ క్షణంలో జిరాక్సు మిషన్లో పెట్టి నొక్కాలనిపించింది జోళ్ళాయనకు. మున్సిపల్ ఆఫీసులో పన్ను పెరగలేదన్నారు. నోటీసుకు జవాబు లేదు. మనియార్డరు తిరిగొచ్చింది. ఆయన జమకు అర్జీ పెట్టాడు, ఆవిడ పెంపుకు అర్జీ పెట్టింది. రెండింటికీ కలిపి ఒకే రోజు పిలిచారు.

"కిటికీ ఊసెత్తకు బావా" అన్నాడు బావమరిది వరండాలో. "ఆవిడ అర్జీలో లేదు. మరిచిపోయింది. నీ అదృష్టం."

లోపల ఆఫీసరు ఓపిగ్గా అడిగాడు. "ఇంటికి కొత్తగా చేర్పించినవేమిటమ్మా?"

"కప్పు."

"అది మరమ్మతు."

"సున్నం బాబూ."

"అదీ అంతే."

"తూము." పిన్నిగారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ "కప్పు" అంది.

జోళ్ళాయనకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతమందిని ఇన్నాళ్ళు తిప్పిన మనిషికి తన వాదమేమిటో తనకే తెలీదు. చెల్లనివన్నీ చెప్తోంది, చెల్లేదొక్కటి తప్ప. ఊరుకుందామనుకున్నాడు. ఆఫీసరు కాగితం మీదికి వంగాడు. బావమరిది మోచేత్తో పొడిచాడు. ఆ పోటు పడగానే ఆయన నోరు తెరుచుకుంది.

"కిటికీ పిన్నిగారూ, కిటికీ. కప్పు కప్పు అంటారేమిటి?"

ఆఫీసరు తలెత్తాడు. "పెట్టించమని అడిగిందెవరు?"

"నేనేనండీ."

బావమరిది నుదురు కొట్టుకున్నాడు.

"ఖర్చు చీటీ ఉందామ్మా?" అంటే పిన్నిగారు బిక్కమొహం వేసింది.

"ఆవిడ ఫ్రిజ్ మీద రేకు డబ్బాలో ఉందండీ. అప్పట్లో రోజుకోసారి నాకే చూపించేది."

చివరికి కిటికీ ఖర్చులో రావాల్సిన వంతు అద్దెకు కలిసింది. అది అడిగినదాంట్లో ఓ మూలకు కూడా రాదు. మిగతా పెంపు చెల్లదన్నారు, ఆగిపోయిన అద్దె జమ చేసుకున్నారు. ఇల్లు నిలిచింది. మెట్లు దిగుతూ పిన్నిగారు, "ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా నాయనా, నన్నింతదూరం లాక్కొచ్చావు" అంది. జోళ్ళాయన పళ్ళు బిగించి గబగబా ముందుకు నడిచాడు.

తర్వాతి నెల మొదట్లో అద్దె తీసుకుని, రసీదుతో పాటు ఆవిడ తన కళ్ళజోడు కూడా చేతిలో పెట్టింది. "దానంతటదే వంగిపోయింది నాయనా."

దాన్ని తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. భార్య వచ్చి బల్లకు ఆనుకుని నిలబడి, ఇన్నాళ్ళూ అడగని మాట అడిగింది.

"ఎవరికీ గుర్తు లేదు కదండీ. ఎందుకు చెప్పారు?"

"ఈ వెలుతురులో రోజూ కూర్చోవాల్సింది నేను" అన్నాడు జోళ్ళాయన, మర మీంచి చూపు తిప్పకుండా. "కాస్త పక్కకు జరుగు, నీడ పడుతోంది."